క్లోజ్ చేసిన టాస్క్‌లో గడువు ఎలా మారింది?

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

టాస్క్ ప్లాట్‌ఫామ్‌లలో ఎవరు ఎప్పుడు ఏది మార్చారో రాసిపెట్టే ఆడిట్ లాగ్ గురించి, క్లోజ్ చేసిన టాస్క్‌ని మార్చనివ్వని లాక్ గురించి మాట్లాడమన్నారు. ఇది ఎవరికీ పెద్దగా పట్టని విషయం. గొడవ వచ్చిన రోజునే అందరికీ గుర్తొస్తుంది. అందుకే ఇవాళ నేను లాగ్ అంటే ఏమిటో మొదటినుంచీ పాఠంలా చెప్పను. ఒక్క టాస్క్ కథ చెప్తాను. దాని నంబరు 4172. నేను పనిచేసిన ఒక టీమ్‌లో జరిగింది. ఆ ప్లాట్‌ఫామ్ మేమే రాసుకున్నాం కాబట్టి అందులో తప్పులు కూడా మావే.

4172 అంటే బ్యాకప్ నుంచి డేటాని వేరే సర్వర్ మీదకి ఎక్కించి, అది నిజంగా తెరుచుకుంటోందా లేదా చూసే పని. గడువు 2024 ఏప్రిల్ 15. పని పూర్తయి టాస్క్ క్లోజ్ అయింది ఏప్రిల్ 18న. మూడు రోజులు ఆలస్యం, అంతే. నెలాఖరున రిపోర్టు తీశారు. ఆలస్యంగా క్లోజ్ అయిన టాస్కులు 9 అని వచ్చింది. ఆ రిపోర్టు పైవాళ్లకి వెళ్లింది, వాళ్లు చూశారు, రావలసిన ప్రశ్నలు వచ్చాయి.

మే నెల చివర్లో ఎవరో రెండు నెలల్నీ పోల్చడానికి అదే ఏప్రిల్ రిపోర్టుని మళ్లీ తీశారు. ఈసారి 2 అని వచ్చింది.

గడిచిపోయిన నెల అది. అందులో కొత్తగా జరగడానికి ఏమీ లేదు. మరి తొమ్మిది రెండు ఎలా అయ్యాయి? మీటింగ్‌లో ఈ ప్రశ్న అడగ్గానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నలుగురు ఒకేసారి ‘నేను ముట్టుకోలేదు’ అన్నారు. ఎవరూ వాళ్లని అడగలేదు కూడా. [నవ్వులు]

అప్పుడు లాగ్ తెరిచాం. 4172కి సంబంధించిన వరుసలు చూస్తే, క్లోజ్ అయిన వరుస తర్వాత ఇంకొకటి ఉంది. స్క్రీన్ మీద పెడతాను చూడండి.

```
{
  "seq": 88213,
  "at": "2024-05-02T05:12:44.318Z",
  "actor": "svc-import",
  "on_behalf_of": null,
  "action": "task.update",
  "task": 4172,
  "field": "due_date",
  "old": "2024-04-15",
  "new": "2024-04-19",
  "source": "api",
  "request_id": "b7e1c04a"
}
```

పని అయిపోయి రెండు వారాలు గడిచాక, మే 2న, దాని గడువు 15 నుంచి 19కి జరిగింది. 18న క్లోజ్ అయిన పనికి 19 గడువైతే ఇంకేముంది, అది ఒకరోజు ముందే అయిపోయినట్టు లెక్క.

ఈ వరుసనే కాసేపు చూద్దాం. ఇందులో ప్రతి గడీ ఎప్పుడో ఎవరో దెబ్బ తిన్నాక వచ్చి చేరినదే.

`old`, `new` రెండూ ఉన్నాయి చూడండి. చాలామంది మొదటిసారి లాగ్ రాసేటప్పుడు ‘ఫలానా వ్యక్తి టాస్క్‌ని అప్‌డేట్ చేశాడు’ అని మాత్రమే రాస్తారు. అది ఉన్నా లేనట్టే. ఏది ఏమయిందో దాని వల్ల తెలియదు. బగ్‌జిల్లా లాంటి పాత బగ్ ట్రాకర్ కూడా ఈ విషయంలో పక్కాగా ఉండేది. దాని `bugs_activity` టేబుల్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ ఫీల్డు అన్నవాటితోపాటు `removed`, `added` అని రెండు కాలమ్‌లు ఉంటాయి. తీసేసింది ఇది, పెట్టింది ఇది. అమెరికాలో మందుల కంపెనీల ఎలక్ట్రానిక్ రికార్డులకి 1997లో వచ్చిన పార్ట్ 11 నిబంధన కూడా ఇదే అడుగుతుంది: మార్పు చేసినప్పుడు అంతకుముందు రాసి ఉన్నది కనపడకుండా పోకూడదు. కాగితం మీద తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి పక్కన సరిదిద్దుతాం చూడండి, సిరా పూసి కప్పెయ్యం. అదే పద్ధతి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. గడువు అంటే తేదీ కాబట్టి సులువు. స్టేటస్, లేబుల్ లాంటివి అయితే డేటాబేస్‌లో ఉండేది ఒక ఐడీ, మనకి కనిపించేది దాని పేరు. లాగ్‌లో ఐడీ ఒక్కటే దాచారనుకోండి. ఇవాళ ఐడీ 5 అంటే ‘పరీక్ష అయింది’. ఏడాది తర్వాత ఎవరో దాని పేరుని ‘విడుదల అయింది’ అని మార్చారు. అప్పుడు పాత లాగ్ తెరిస్తే, ఆనాడు ఎవరో విడుదల అయిందని ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. పాపం ఆయన అలా అనలేదు. జిరా అనే టాస్క్ ట్రాకర్ డేటాబేస్‌లో `changeitem` అనే టేబుల్ చూస్తే పాత విలువకి రెండు, కొత్త విలువకి రెండు, మొత్తం నాలుగు కాలమ్‌లు ఉంటాయి: `oldvalue`, `oldstring`, `newvalue`, `newstring`. ఐడీ వేరు, ఆ క్షణంలో దానికున్న పేరు వేరు. చూడగానే దండగ అనిపిస్తుంది. కాదు.

`at` దగ్గరికి వద్దాం. ఈ టైము సర్వర్‌ది, యూటీసీలో ఉంది. చివరన ఉన్న `Z` అక్షరానికి అర్థం అదే. వాడేవాళ్ల ఫోన్ చెప్పిన టైముని నమ్మకూడదు, ఎందుకంటే ఫోన్‌లో గడియారం ఎవరైనా వెనక్కి తిప్పుకోవచ్చు. నెట్ లేనప్పుడు కూడా పనిచేసే మొబైల్ యాప్ ఉంటే, రెండు టైములూ దాచాలి. ఫోన్ చెప్పింది ఒకటి, సర్వర్‌కి అందింది ఒకటి. లెక్కకి రెండోదే. మొదటిదాన్ని ‘ఆయన అలా చెప్పాడు’ అన్నంతవరకే తీసుకోవాలి.

`seq` గురించి ఒక మాట. దీని వల్ల వచ్చే అపార్థం నేను రెండుసార్లు చూశాను. వరుస నంబర్లలో 88209 తర్వాత 88211 వస్తే ‘88210ని ఎవరో చెరిపేశారు’ అని గోల మొదలవుతుంది. కంగారు పడకండి. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో సీక్వెన్స్ నంబర్ ఒకసారి ఇచ్చాక, ఆ ట్రాన్సాక్షన్ విఫలమై వెనక్కి పోయినా నంబర్ మాత్రం వెనక్కి రాదు. ఖాళీ ఉన్నంత మాత్రాన దొంగతనం జరిగినట్టు కాదు. ఖాళీ లేనంత మాత్రాన జరగనట్టూ కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక మాకు అసలు తలనొప్పి `actor`. `svc-import` అన్నది మనిషి కాదు. డేటా ఎక్కించే స్క్రిప్టుల కోసం చేసిన ఉమ్మడి ఖాతా. దాని టోకెన్ ఎంతమంది దగ్గర ఉందో మాకే తెలియదు. అడిగితే ఆరుగురు చేతులెత్తారు. ఇలాంటి సందర్భం కోసమే `on_behalf_of` అనే గడి ఉంది: పని చేసింది మెషిన్, చేయించింది ఎవరు? మా స్క్రిప్టులు దాన్ని ఖాళీగా వదిలేసేవి, సర్వర్ కూడా ‘పర్లేదులే’ అని ఊరుకునేది. గడి పెట్టాం కానీ తప్పనిసరి చెయ్యలేదు. ఇప్పుడైతే ఉమ్మడి ఖాతాతో వచ్చిన రిక్వెస్ట్‌లో ఆ పేరు లేకపోతే సర్వర్ తీసుకోదు.

మమ్మల్ని కాపాడింది చివరి గడి, `request_id`. సర్వర్‌కి వచ్చే ప్రతి రిక్వెస్ట్‌కి ఒక గుర్తు ఇచ్చి, ఆ రిక్వెస్ట్ వల్ల ఎన్ని మార్పులు జరిగినా అన్నిటి మీదా అదే గుర్తు వేస్తాం. `b7e1c04a` కోసం వెతికితే 212 వరుసలు వచ్చాయి. 212 టాస్కులకీ గడువు సరిగ్గా నాలుగు రోజులు ముందుకి జరిగింది. అంటే ఎవరో 4172 మీద కన్నేసి మార్చింది కాదు, గంపగుత్తగా జరిగింది. అదే గుర్తుతో వెబ్ సర్వర్ లాగ్‌లో చూస్తే ఏ మెషిన్ నుంచి వచ్చిందో తెలిసింది. ఆ మెషిన్ వాడే అతన్ని అడిగితే వెంటనే చెప్పాడు. ప్రాజెక్టు నాలుగు రోజులు వాయిదా పడింది, మిగిలిన టాస్కుల గడువులన్నీ ఒకేసారి జరపమన్నారు, స్క్రిప్టు రాసి నడిపాడు. ‘తెరిచి ఉన్నవి మాత్రమే’ అనే షరతు రాయడం మర్చిపోయాడు. ఆ 212లో 37 అప్పటికే క్లోజ్ అయినవి. వాటిలో 7 ఆలస్యం లెక్కలోంచి జారిపోయాయి. తొమ్మిదిలో ఏడు పోతే రెండు.

ఎవరూ మోసం చెయ్యలేదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే లాగ్ లేకపోయి ఉంటే ఆ మీటింగ్‌లో ఎవరి మీదో ఒకరి మీద మచ్చ పడి ఉండేది.

ఇప్పుడు మీలో కొందరికి ఒక సందేహం రావాలి. లాగ్‌లో అంతా ఉంది కదా, పాత విలువ ఉంది, కొత్తది ఉంది, ఎవరో దొరికాడు. మరి క్లోజ్ చేసిన టాస్క్‌ని లాక్ చెయ్యడం ఎందుకు? మారితే మారనీ, లాగ్ చెప్తుంది కదా?

చెప్తుంది. అడిగితే చెప్తుంది. మాకు ఎప్పుడు చెప్పింది? మే 2న తప్పు జరిగితే మే చివర్లో. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. ఎందుకంటే రిపోర్టు లాగ్‌ని చదవదు. రిపోర్టు చదివేది `tasks` టేబుల్‌లో ఇప్పుడున్న వరుసని. డ్యాష్‌బోర్డు అంతే, ఎక్సెల్‌లోకి దింపుకునేది అంతే, టాస్క్ పేజీ తెరిచి చూసే మనిషీ అంతే. హిస్టరీ ట్యాబ్ నొక్కి చూసేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు.

తెరిచి ఉన్న టాస్క్‌లో గడువు మారితే ఎవరికీ ఇబ్బంది లేదు. పని ఇంకా నడుస్తోంది, దాని మీద లెక్క ఎవరూ కట్టలేదు. క్లోజ్ అన్న క్షణంలో పరిస్థితి మారుతుంది. ‘ఈ పని ఈ గడువుకి, ఈ మనిషి, ఇన్ని గంటల్లో, ఈ రోజున పూర్తి చేశాడు’ అని ఒక వాక్యం పూర్తవుతుంది. ఆ వాక్యాన్ని పట్టుకుని వేరేవాళ్లు ముందుకి పోతారు. మా 4172 విషయంలో ఏప్రిల్ రిపోర్టు వెళ్లిపోయింది. వచ్చే నెల ఏ పనికి ఎన్ని రోజులు పెట్టాలో అంచనా కట్టే షీట్‌లోకి ఆ మూడు రోజుల ఆలస్యం ఎక్కిపోయింది. ఇవన్నీ జరిగాక వెనక్కి వెళ్లి వాక్యంలో ఒక మాట మారిస్తే, బయటికి వెళ్లిన కాపీలు ఒకటి చెప్తాయి, మూలం ఇంకొకటి చెప్తుంది. లాక్ ఉన్నది దీన్ని ఆపడానికి. చాలామంది అనుకున్నట్టు ఉద్యోగుల మీద అనుమానంతో పెట్టేది కాదు.

‘రిపోర్టునే లాగ్ మీంచి కట్టొచ్చు కదా, ఏప్రిల్ 30 నాటికి ఏ విలువ ఉందో అది తీసుకుని?’ అని అడగొచ్చు. కట్టొచ్చు, మేం ఇప్పుడు కొన్ని రిపోర్టులు అలాగే కడుతున్నాం. కానీ టాస్క్ పేజీలో మాత్రం 19 అనే ఉంటుంది, రిపోర్టులో 15 అని ఉంటుంది. ఏది నిజమని అడిగేవాళ్లకి రోజూ సమాధానం చెప్పే ఓపిక ఉండాలి.

సరే, మా ప్లాట్‌ఫామ్‌లో లాక్ లేదా? ఉంది! అదే సిగ్గుచేటు. క్లోజ్ చేసిన టాస్క్ తెరిస్తే గడువు గడి బూడిద రంగులో ఉంటుంది, నొక్కితే కదలదు. ముందు గుమ్మానికి తాళం వేశాం. స్క్రిప్టులు నేరుగా సర్వర్‌తో మాట్లాడే ఏపీఐ అనే పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. స్క్రిప్టు అటునుంచి వచ్చింది. లాక్‌లో నేను చూసిన అన్ని తప్పుల్లో ఎక్కువసార్లు కనపడేది ఇదే, స్క్రీన్ మీద ఆపి సర్వర్‌లో ఆపకపోవడం. మీ ప్లాట్‌ఫామ్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. క్లోజ్ చేసిన ఒక డమ్మీ టాస్క్ మీద ఏపీఐతో గడువు మార్చి చూడండి. తీసుకుందంటే మీ లాక్ రంగు మాత్రమే.

సర్వర్‌లో ఆపడంలో కూడా ఒక సందు ఉంటుంది. ముందు స్టేటస్ చదివి, తెరిచే ఉందని చూసుకుని, తర్వాత మార్పు రాస్తే, ఆ రెంటి మధ్యలో ఇంకొకరు క్లోజ్ చెయ్యొచ్చు. పొద్దున్నే ఎడిట్ పేజీ తెరిచి, మధ్యాహ్నం సేవ్ నొక్కేవాళ్లు ఉంటారు. మధ్యలో టాస్క్ క్లోజ్ అయిందని వాళ్లకి తెలియదు. అందుకే షరతుని మార్పులోనే కలిపెయ్యాలి:

```
UPDATE tasks SET due_date = '2024-04-19'
WHERE id = 4172 AND status <> 'closed';
```

ఇది నడిపాక ‘0 వరుసలు మారాయి’ అని వస్తే, లాక్ పనిచేసినట్టు. అప్పుడు వాడేవాళ్లకి ‘ఇది క్లోజ్ అయింది’ అని చెప్పాలి. దాంతోపాటు లాగ్‌లో కూడా ఒక వరుస రాయాలి: ఫలానావారు మార్చబోయారు, ఒప్పుకోలేదు. జరగని పనిని కూడా రాయడమేమిటి అనిపిస్తుంది కానీ, మే 2న మా లాక్ పనిచేసి ఉంటే, ఆ రోజే 37 తిరస్కరణలు వరసగా కనిపించేవి. అతను అప్పుడే చూసుకుని షరతు సరిచేసుకునేవాడు.

ఇవి కాక దొడ్డిదారులు కొన్ని ఉంటాయి. ఎవరూ టాస్క్‌ని ఎడిట్ చెయ్యరు, అయినా టాస్క్ మారుతుంది. లేబుల్ పేరు మారిస్తే ఆ లేబుల్ ఉన్న పాత టాస్కులన్నిటిలో మారుతుంది. అడ్మిన్ ఒక కస్టమ్ ఫీల్డుని తీసేస్తే, క్లోజ్ అయిన వేల టాస్కుల్లోంచి ఆ సమాచారం ఒక్క క్లిక్‌తో మాయం. ఒకే మనిషికి రెండు ఖాతాలుంటే కలిపేస్తారు, ఎవరు చేశారో పేరు మారిపోతుంది. వీటిని టాస్క్ లాక్ ఆపలేదు, ఎందుకంటే మారుతున్నది టాస్క్ వరుస కాదు. ఫీల్డుని చెరిపెయ్యకుండా దాచిపెట్టడం, పేరు మార్చినప్పుడు ఆ మార్పుని కూడా లాగ్‌లో రాయడం, ఇంతవరకే మేం చెయ్యగలిగాం.

అయితే తాళం వేసినవాళ్లకి తాళంచెవి ఎక్కడ పెట్టాలో కూడా తెలియాలి. క్లోజ్ చేసింది తప్పని తేలితే ఏం చెయ్యాలి? తిరిగి తెరవాలి. రీఓపెన్ అన్నది ఎడిట్‌లో భాగం కాకూడదు, విడిగా ఒక చర్య అవ్వాలి. విడిగా అనుమతి, విడిగా లాగ్ వరుస, ఎందుకో ఒక వాక్యం. జిరాలో అయితే వర్క్‌ఫ్లోలో క్లోజ్ స్టేటస్‌కి `jira.issue.editable` అనే ప్రాపర్టీ పెట్టి దాని విలువ `false` అని ఇస్తే ఎడిట్ ఆగిపోతుంది, తెరవాలంటే ట్రాన్సిషన్ ద్వారానే రావాలి. అక్కడే చాలామంది జారిపడే చోటు ఒకటుంది. రీఓపెన్ చేసినప్పుడు, పని ఎలా ముగిసిందో చెప్పే రిజల్యూషన్ ఫీల్డుని ఖాళీ చెయ్యమని చెప్పకపోతే, స్టేటస్ తెరిచే ఉంటుంది, రిజల్యూషన్ మాత్రం నిండి ఉంటుంది. రిజల్యూషన్‌ని చూసి లెక్కపెట్టే రిపోర్టులన్నీ దాన్ని ఇంకా అయిపోయిన పనిగానే చూస్తాయి. మనిషి పని చేస్తూంటాడు, లెక్కలో మాత్రం అతనికి పనే లేదు. [నవ్వులు]

రీఓపెన్‌ని మరీ కష్టం చెయ్యకండి. ముగ్గురి అనుమతి కావాలంటే జనం ఏం చేస్తారో నేను చూశాను. ‘4172 సవరణ’ అని కొత్త టాస్క్ తెరుస్తారు. అప్పుడు ఒక పని రెండు చోట్ల ఉంటుంది, రెండూ అబద్ధమే చెప్తాయి. పొరపాటున క్లోజ్ నొక్కినవాళ్ల కోసం చాలా చోట్ల రెండు మెట్లు పెడతారు. ముందు ‘పరిష్కారమైంది’, కొన్ని రోజులు ఎవరూ కాదనకపోతే దానంతటదే ‘క్లోజ్’. తాళం రెండో మెట్టు దగ్గర పడుతుంది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

ఇందాక లాగ్ నమ్మకం సంగతి తర్వాత చెప్తానన్నాను. లాగ్‌లో ఉన్నది నిజమని ఎలా తెలుస్తుంది? దీని మీద చాలా చెప్పొచ్చు, నేను రెండు విషయాలే చెప్తాను.

ఒకటి, మార్పూ దాని లాగ్ వరుసా ఒకే ట్రాన్సాక్షన్‌లో పడాలి. రెండూ పడాలి, లేదా రెండూ పడకూడదు. ముందు మార్పు రాసేసి, లాగ్‌ని తర్వాత తీరిగ్గా క్యూలో పంపిస్తే, మధ్యలో సర్వర్ పడిపోయిన రోజున మార్పు ఉంటుంది, దాని జాడ ఉండదు. అలాంటివి తక్కువే జరుగుతాయి, కానీ జరిగేది మాత్రం గందరగోళంగా ఉన్న రోజునే, మీకు లాగ్ అవసరమైన రోజునే. లాగ్‌ని యాప్ కోడ్ రాయాలా, టేబుల్‌లో మార్పు జరగ్గానే దానంతటదే నడిచే డేటాబేస్ ట్రిగ్గర్ రాయాలా అని వాదన ఎప్పుడూ ఉంటుంది. యాప్‌కి మనిషి ఎవరో తెలుసు, కానీ డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి చేసిన మార్పు దానికి కనపడదు. ట్రిగ్గర్‌కి అన్నీ కనపడతాయి, కానీ దాని దృష్టిలో అందరూ ఒకే డేటాబేస్ యూజర్. పోస్ట్‌గ్రెస్‌లో మేం ట్రాన్సాక్షన్ మొదట్లో `SET LOCAL app.actor = 'u318'` అని ఒక మాట చెప్పి, ట్రిగ్గర్‌లో `current_setting('app.actor', true)` అని దాన్ని చదువుతాం. ఆ మాట చెప్పకుండా ఎవరైనా మార్పు చేస్తే, ఎవరో తెలియని వరుస ఒకటి పడుతుంది. ఎవరో నేరుగా చెయ్యి పెట్టారనడానికి అదే గుర్తు.

రెండు, లాగ్‌ని తిరిగి ఆడించి చూడటం. టాస్క్ పుట్టిన వరుస దగ్గర మొదలుపెట్టి, లాగ్‌లో ఉన్న మార్పులన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతే, చివరికి వచ్చేది టేబుల్‌లో ఇప్పుడున్న వరుసతో అచ్చంగా కలవాలి. ప్రతి వరుసలో `old` అన్నది ఆ టాస్క్‌లో అదే ఫీల్డుకి ముందు పడిన వరుసలో `new`తో కలవాలి. కలవలేదంటే ఒక వరుస పోయింది, లేదా ఏదో మార్పు లాగ్‌ని తప్పించుకుంది. మేం రాత్రిపూట ఇది నడుపుతాం. మొదటిరోజు తేడాలు వచ్చిన టాస్కులు చూసి నిద్ర పట్టలేదు. తర్వాత తేలిందేమిటంటే, చెక్‌లిస్టులో అంశాల క్రమం మారిస్తే లాగ్ రాయడం మేమే మర్చిపోయాం. వరుస నంబర్లలో ఖాళీలు చూసి గాభరా పడటం కన్నా ఈ పద్ధతి వంద రెట్లు మేలు.

ఒక వరుసలో దాని ముందు వరుసకి వేలిముద్ర లాంటి హ్యాష్‌ని కలిపి గొలుసు కట్టే పద్ధతి మీరు వినే ఉంటారు. మంచిదే. కాకపోతే డేటాబేస్ మొత్తం మీద అధికారం ఉన్నవాడు గొలుసుని మొదటినుంచీ మళ్లీ కట్టుకోగలడు. చివరి హ్యాష్‌ని రోజూ అతని చెయ్యి అందని చోట దాస్తేనే దానికి విలువ. యాప్ వాడే డేటాబేస్ యూజర్‌కి లాగ్ టేబుల్ మీద చదవడం, కొత్త వరుస చేర్చడం మాత్రమే ఇవ్వండి. మార్చడం, చెరపడం ఇవ్వకండి. ముందు ఇది చేసి, తర్వాత గొలుసు సంగతి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: క్లోజ్ అయిన టాస్క్‌లో కామెంట్లు కూడా ఆపేయాలా?

నా మటుకు నేను ఆపను. కామెంట్ అనేది ఉన్నదాన్ని మార్చదు, తన టైముతో తాను కొత్తగా వచ్చి చేరుతుంది. ‘ఇది మళ్లీ పాడైంది’ అని చెప్పడానికి చోటు ఉండాలి కదా. కానీ పాత కామెంట్లని ఎడిట్ చెయ్యడం, చెరపడం మాత్రం ఆపాలి. ఫైళ్ల విషయంలోనూ అంతే, కొత్తది చేర్చొచ్చు, పాతదాని స్థానంలో పెట్టకూడదు.

ప్రశ్న: ఎవరో పొరపాటున టాస్క్ వివరణలో పాస్‌వర్డ్ రాసేశారండీ. వెంటనే చెరిపేశారు. లాగ్‌లో మాత్రం `old` కింద అది అలాగే ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?

అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చెయ్యండి, లాగ్ సంగతి తర్వాత. ఆ తర్వాత విలువని తీసెయ్యాలి కానీ వరుసని తియ్యకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఫీల్డు అన్నది ఉంటుంది, విలువ చోట ‘తొలగించబడింది’ అని ఉంటుంది, ఎవరు తొలగించారో ఇంకో వరుస పడుతుంది. విలువ బదులు దాని హ్యాష్ ఉంచుదామని కొందరంటారు. చిన్న పాస్‌వర్డ్ అయితే హ్యాష్ చూసి ఊహించి పట్టేస్తారు, వద్దు. ఈ తొలగించే అధికారం రోజువారీ యాప్ యూజర్‌కి ఉండకూడదు. దానికి వేరే ఖాతా, ఇద్దరు ఒప్పుకుంటేనే.

ప్రశ్న: ఆ 37 టాస్కులనీ చివరికి ఏం చేశారు?

మంచి ప్రశ్న. అనుకున్నంత సులువుగా కాలేదు. అప్పటికి సర్వర్‌లో లాక్ సరిచేసేశాం కాబట్టి మాకే తాళం పడింది. రీఓపెన్ చేసి, గడువు సరిదిద్ది, మళ్లీ క్లోజ్ చేద్దామనుకున్నాం. ఒకదాని మీద చేసి చూస్తే, క్లోజ్ అయిన తేదీ జూన్‌కి మారిపోయింది. మా రిపోర్టు చివరిసారి క్లోజ్ అయిన తేదీనే చూస్తుంది. అలా 37 చేస్తే అన్నీ ఏప్రిల్ లెక్కలోంచి మాయమై, జూన్‌లో రెండు నెలల ఆలస్యంతో తేలేవి. ఆ ఒక్కదాన్నీ డేటాబేస్‌లో చేత్తో వెనక్కి తిప్పుదామని ఎవరో అన్నారు కూడా. ఆ పని చేస్తే లాగ్ గురించి ఇలా మీ ముందు నిలబడే అర్హత నాకు ఉండేది కాదు.

చివరికి `task.correct` అని కొత్త చర్య ఒకటి రాశాం. స్టేటస్ మారదు, క్లోజ్ తేదీ మారదు, ఒక ఫీల్డు మాత్రమే మారుతుంది. కారణం రాయాలి, ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి, ఇద్దరి పేర్లూ వరుసలో పడతాయి. ముందే రీఓపెన్ చేసిన ఆ ఒక్క టాస్క్‌కి క్లోజ్ తేదీ కూడా ఇలాగే సరిదిద్దాం. దాని హిస్టరీ మిగతావాటికన్నా పొడుగ్గా, కాస్త అసహ్యంగా ఉంటుంది, అలాగే ఉంచాం. 4172 హిస్టరీ తెరిస్తే ఇప్పుడు చివర్లో మూడు వరుసలు కనిపిస్తాయి: ఏప్రిల్ 18న క్లోజ్, మే 2న 15 నుంచి 19, జూన్‌లో 19 నుంచి 15, దాని పక్కన ‘88213ని సరిదిద్దడానికి’ అన్న కారణం. ఏప్రిల్ రిపోర్టు మళ్లీ తీస్తే 9 వస్తుంది.